నిచ్చెన గడులలోని వేగం ఆటలో ఎంత అక్కరకు వస్తుంది?

ఈ మధ్య సాయంకాలం వేళ ఏ బడి మైదానానికి పోయినా నేలమీద పరచిన పట్టీల నిచ్చెన ఒకటి కనబడుతున్నది. ఫుట్‌బాలు పిల్లలు వరుసగా నిలబడి ఒకరి తరువాత ఒకరు దాని గడులలో టకటక అడుగులు వేసుకుంటూ పోతారు. శిక్షకుడు ఈల ఊదుతుంటాడు. గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులకు అది చూడ ముచ్చటగానే ఉంటుంది. దీనికి ఎజిలిటీ లాడర్ అని పేరు. వేగమూ లాఘవమూ పెరుగుతాయని చెప్పి, సెలవులలో దీనికోసమే ప్రత్యేకంగా రుసుము పుచ్చుకుని తరగతులు నడిపేవారూ ఉన్నారు.

మన సంఘ సభ్యులలో ఒకరు ఆ మధ్య మమ్మల్ని ఇలా అడిగారు: "ఏమండీ, మావాడు నిచ్చెనలో అందరికన్న ముందుంటాడు. పోటీలో మాత్రం ఎదుటి జట్టువాడు బంతితో వీణ్ణి దాటి పోతూనే ఉంటాడు. ఇదేం చోద్యం?" ఇది చోద్యం కాదు. నిచ్చెన ఏమి నేర్పుతుందో, ఏమి నేర్పదో విడదీసి చూస్తే సంగతి తేటపడుతుంది. ఈ వ్యాసంలో మేము చేయదలచినది అంతే.

ముందు ఆ వస్తువు సంగతి చూద్దాం. రెండు పొడుగాటి పట్టీల నడుమ పది పన్నెండు అడ్డబద్దలు ఉంటాయి. ఒక్కొక్క గడి ఇంచుమించు మూరెడు. నిచ్చెన మొత్తం పొడవు నాలుగైదు మీటర్లు. గడికి ఒక అడుగు వేసుకుంటూ పరుగెత్తడం మొదటి పాఠం. గడికి రెండడుగులు వేయడం రెండవది. తరువాత రెండు కాళ్ళూ లోపలికి, రెండు కాళ్ళూ బయటికి వేస్తూ సాగడం, పక్కవాటుగా పోవడం, ఒంటికాలితో గెంతడం వస్తాయి. వీటిలో ఎక్కువ పేరున్నదాన్ని ఇకీ షఫుల్ అంటారు. రెండు అడుగులు గడిలోనూ ఒక అడుగు బయటా వేస్తూ, కుడికీ ఎడమకూ ఊగుతూ ముందుకు సాగే వరస అది. ఈ పేరు 1988లో అమెరికాలో ఇకీ వుడ్స్ అనే ఆటగాని మూలంగా వచ్చింది. అతడు ఆడినది మన ఫుట్‌బాలు కాదు, బంతిని చేతబట్టుకుని పరుగెత్తే అమెరికావారి ఆట. పాయింటు సంపాదించినప్పుడల్లా సంబరంగా అతడు వేసిన నాట్యం పేరే ఈ వరసకు పెట్టారు. కాబట్టి నిచ్చెన అడుగులను నాట్యం వంటివని మేమంటే ఎవరూ తప్పు పట్టనక్కరలేదు.

మన ఆడపిల్లలు సుద్దముక్కతో గడులు గీసి ఆడే తొక్కుడుబిళ్ళకూ దీనికీ చుట్టరికం ఉన్నది. రెండింటిలోనూ గీత తొక్కరాదు. రెండింటిలోనూ తరువాతి అడుగు ఎక్కడ పడాలో ముందే తెలుసు. నిచ్చెన గుట్టంతా ఈ రెండవ మాటలోనే ఉన్నది. పిల్లవాడు మొదటి వారం తడబడతాడు, మూడవ వారానికి ఆ వరస వాని కాళ్ళకు కంఠస్థమవుతుంది, ఆరవ వారానికి కళ్ళు మూసుకునైనా పోగలడు. అభివృద్ధి కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది గనుక పిల్లవానికీ తృప్తి, శిక్షకునికీ తృప్తి. అయితే పెరిగినది ఆ వరసలోని వేగం. టైపు నేర్చుకునేవాడు ఒకే పంక్తిని వందసార్లు కొట్టి దానిని మెరుపులా కొట్టగలుగుతాడు. అధికారి చెప్పే కొత్త జాబును అంత వేగంగానూ కొట్టగలడా అన్నది వేరే సంగతి.

ఇప్పుడు ఆటలోని ఒక్క ఘట్టాన్ని తీసుకుందాం. ఎదుటి జట్టు ఫార్వర్డు ఆటగాడు బంతితో కుడి అంచున వస్తున్నాడు. మన బ్యాకు అతనికి రెండు మీటర్ల దూరంలో ఉన్నాడు. ఫార్వర్డు లోపలికి తిరుగుతాడా, గీత వెంబడి పరుగెత్తుతాడా తెలియదు. మన బ్యాకు ఆ క్షణంలో మూడు పనులు చేయాలి. ఎదుటివాని నడుమునూ బంతినీ కనిపెట్టి ఏ వైపు పోతాడో పసిగట్టాలి. తన పరుగును ఆపుకోవాలి. ఆపిన వెంటనే సరి అయిన దిక్కుకు నేలను గట్టిగా తన్ని బయలుదేరాలి. ఈ మూడింటిని నిచ్చెనతో పోల్చి చూడండి.

మొదటిది చూపు. నిచ్చెనలో పిల్లవాని కళ్ళు నేలమీద ఉంటాయి, ఎందుకంటే బద్ద తొక్కరాదు. ఆటలో నేలను చూచేవానికి బంతి కనబడదు, తోటివాడు కనబడడు. అంతేకాదు, నిచ్చెనలో పసిగట్టవలసినది ఏమీ లేదు. క్రీడాశాస్త్రం చదివినవారు ఈ కారణం వల్లనే రెండు మాటలను వేరుచేస్తారు. ముందే తెలిసిన చోట దిక్కు మార్చడం ఒకటి. కంటికి కనబడిన దానికి జవాబుగా దిక్కు మార్చడం మరొకటి. లాఘవం అనే పేరు వారు రెండవదానికే ఇస్తారు. ఆ లెక్కన లాఘవపు నిచ్చెన అనే పేరులోనే పేచీ ఉన్నది.

రెండవది ఆగడం. వేగంగా వస్తున్న శరీరాన్ని ఆపాలంటే రెండు మూడు అడుగుల ముందునుంచే నడుము కిందికి దించి, మోకాళ్ళు వంచి, చివరి అడుగును శరీరానికి వెలుపలగా జానెడు దూరాన గట్టిగా ఆనించాలి. ఆ ఆనిక నుంచే కొత్త దిక్కుకు బలం పుడుతుంది. నిచ్చెనలో వేగమే తక్కువ గనుక ఆపవలసినదే లేదు. పాదాలు ఎప్పుడూ తుంటి కిందనే పడుతుంటాయి.

మూడవది బయలుదేరడం. పరుగు వేగం అడుగుల సంఖ్య మీద మాత్రమే ఆధారపడదు. ఒక్కొక్క అడుగుతో నేలను ఎంత బలంగా వెనక్కు తన్నుతాడన్నది కూడా ముఖ్యం. పదునాలుగేళ్ళ పిల్లవాడు నిండు పరుగులో ఒక్క అంగకు మీటరున్నర దాకా పోగలడు. నిచ్చెన వానిని మూరెడు మూరెడుగా పోనిస్తుంది. పాదాలు చకచక కదులుతాయి, శరీరం మాత్రం నెమ్మదిగా పోతుంది. ఆటలో మనకు కావలసినది శరీరం ఒకచోటినుంచి మరొక చోటికి త్వరగా చేరడం గదా!

ఇది తర్కం మాత్రమే కాదు, పరీక్షించి చూచినవారూ ఉన్నారు. పన్నెండేళ్ళ ప్రాయపు ఫుట్‌బాలు పిల్లలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మామూలు సాధనతో పాటు నిచ్చెన కూడా చేయించి, రెండవ జట్టుకు నిచ్చెన లేకుండా ఆరు వారాలు సాగించిన పరిశోధన ఒకటి 2020లో వెలువడింది. పరుగులోనూ, బంతిని నడపడంలోనూ నిచ్చెన జట్టు రెండవ జట్టుకన్న మెరుగని తేలలేదు. పిల్లల సంఖ్య చిన్నది గనుక దీనినే చివరి తీర్పు అనడానికి లేదు. మరొక పరిశోధన 2014లో ఆస్ట్రేలియాలో వచ్చింది. వారి దేశపు ఫుట్‌బాలు ఆడే పద్దెనిమిదేళ్ళ లోపు మేటి ఆటగాళ్ళలో కొందరికి కోనుల చుట్టూ ముందే నిర్ణయించిన మలుపుల పరుగులు నేర్పారు, మరికొందరి చేత చిన్న జట్లతో చిన్న చోట ఆటలు ఆడించారు. తరువాత, ఎదురుగా కదిలే మనిషిని చూచి దిక్కు మార్చే పరీక్ష పెడితే, చిన్న ఆటలు ఆడినవారే బాగుపడ్డారు. బాగుపడినది ముఖ్యంగా వారి కాళ్ళ వేగం కాదు, ఎటు పోవాలో తేల్చుకునే వేగం. కోనుల మలుపులలోనైనా కొంత పరుగూ కొంత ఆపడమూ ఉంటాయి. ఆ రెండూ లేని నిచ్చెననుంచి అంతకన్న ఎక్కువ ఆశించడం కష్టం.

"అయినా నష్టమేముంది, కాళ్ళు కదిలితే మంచిదే గదా" అనేవారున్నారు. నష్టం కాలంలో ఉన్నది. మేము బెంగుళూరులో మా పేటకు దగ్గరలో ఉన్న ఒక బడి జట్టు సాధనను కొన్ని వారాలు గమనించాము. వారానికి మూడు రోజులు, రోజుకు గంటసేపు సాధన. పిల్లలు 16 మంది, నిచ్చెన ఒకటి, దానికి కేటాయించినది 20 నిముషాలు. ఒకడు నిచ్చెన దాటడానికి 5 సెకనులు పడుతుంది. వాడు బయటపడి రెండవవాడు మొదలు పెట్టేసరికి 10 సెకనులు. అంటే 16 మంది ఒక చుట్టు పూర్తిచేయడానికి 160 సెకనులు. ఇరవై నిముషాలకు 1200 సెకనులు గనుక ఏడు చుట్లు మాత్రమే పడతాయి. ఒక్కొక్క పిల్లవాడు కదిలినది ఏడైదులు 35 సెకనులు! తక్కిన 19 నిముషాల పైచిల్లర వరుసలో నిలబడటం. గంటలో మూడవ వంతు అలా పోయింది, అంతసేపూ బంతి సంచిలోనే ఉన్నది.

ఇంతకన్న బరువైన సంగతి మరొకటి అక్కడే చూచాము. జట్టులోకి ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి ఆ శిక్షకుడు నిచ్చెన కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకునేవాడు. బ్యాకు స్థానానికి ఇద్దరు పిల్లలు పోటీలో ఉన్నారు. సన్నగా ఉన్నవాడు నిచ్చెనలో జట్టు మొత్తానికి ప్రథముడు. పొట్టిగా ఉన్న రెండవవాడు బద్దలు తొక్కి నవ్వులపాలయ్యేవాడు. ఈ రెండవవానిని పక్కన కూర్చోబెట్టే ఆలోచన జరుగుతున్నది. మా పేటలోనే ఒక పెద్దాయన ఉన్నారు. యౌవనంలో ఫ్యాక్టరీ జట్టుకు ఆడినవారు, పిల్లలందరికీ తాతగారు. ఆయన శిక్షకునితో, "బాబూ, నిచ్చెన మీద వీణ్ణి మోసం చేసేవాడు ఎవడూ లేడు గదా. మోసం చేసేవాణ్ణి ఎదురుగా నిలబెట్టి చూడు" అన్నారు. శిక్షకుడు మంచివాడు. "సరే తాతగారూ, మీరే చూపించండి" అన్నాడు.

తాతగారు పెట్టిన పరీక్ష తేలికైనది. ఒక గీత మీద రెండు ద్వారాలు పెట్టారు. ఒక్కొక్కటి రెండు మీటర్ల వెడల్పు, రెండింటి నడుమ ఎనిమిది మీటర్ల ఎడం. ఫార్వర్డు పది మీటర్ల దూరంనుంచి బంతితో వచ్చి రెంటిలో ఏదో ఒక ద్వారంగుండా దాటాలి. బ్యాకు ఆపాలి. ఒక్కొక్కనికి పది విడతలు, ఎదురు వచ్చే ఫార్వర్డులు ఇద్దరికీ వారే. నిచ్చెనలో ప్రథముడు పదింట మూడు ఆపాడు. బద్దలు తొక్కేవాడు ఏడు ఆపాడు.

కారణం గట్టు మీది నుంచే కనబడింది. మొదటివాడు రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి, ఉన్నచోటనే చిన్న చిన్న గెంతులు వేస్తూ కాచుకున్నాడు. నిచ్చెన నేర్పిన అలవాటు అది. రెండు పాదాలూ గాలిలో ఉన్న క్షణంలో మనిషి ఎటూ కదలలేడు, నేలమీద పడేదాకా ఆగవలసిందే. ఫార్వర్డు ఆ క్షణంలోనే మళ్ళాడు. పైగా వీడు ఫార్వర్డు కాళ్ళ విన్యాసాన్ని చూచి ప్రతి వంచనకూ లొంగిపోయాడు. రెండవవాడు ఒక కాలు ముందు, ఒక కాలు వెనుక పెట్టి, కాస్త పక్కవాటుగా, మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. అలా నిలబడటంతో ఒక ద్వారం మూసినట్టయి, ఫార్వర్డుకు రెండవదే మిగిలింది. కాళ్ళు ఎంత ఆడించినా నడుము తిరగనిదే మనిషి తిరగడని వానికి ఎవరో చెప్పారో, వాడే కనుక్కున్నాడో!

పది విడతలతో పిల్లవాని జాతకం రాయరాదు, అది మేమూ ఒప్పుకుంటాము. శిక్షకుడు మరి రెండు రోజులు, ఫార్వర్డులను మార్చి, అదే పరీక్ష పెట్టాడు. అంకెలు కొద్దిగా మారినా వరస మారలేదు. పొట్టివాడు జట్టులో నిలిచాడు. మొదటివానికి కూడా మేలే జరిగింది. గెంతడం మాని పాదాలు నేలకు దగ్గరగా జరపడం, నడుమును చూడడం, ఆగేముందు కిందికి దిగడం వానికి చెప్పసాగారు. వాని కాళ్ళలో చురుకుదనం లేకపోలేదు. అది ఎప్పుడు వాడాలో తెలియలేదు, అంతే.

తరువాత నిచ్చెన కాలాన్ని ఎలా మార్చారో చెబుతాము. అది ఏ బడిలోనైనా చేయవచ్చు. ఇరవై నిముషాలలో ఐదు నిముషాలు మాత్రం నిచ్చెనకు ఉంచారు, అదీ వొళ్ళు వెచ్చబడటానికి. పన్నెండు నిముషాలు ద్వారాల ఆటకు ఇచ్చారు. తక్కిన మూడు నిముషాలూ కోనులు సర్దుకోవడానికీ మంచినీళ్ళకూ సరి. పదహారుగురిని నాలుగు చోట్లకు పంచితే చోటుకు నలుగురు, అంటే రెండు జతలు. ఇరవై సెకనులకు ఒక జత చొప్పున బయలుదేరితే, ఒక్కొక్క జతకు 40 సెకనులకు ఒకసారి వంతు వస్తుంది. పన్నెండు నిముషాలలో 18 వంతులు. తొమ్మిదింట బంతితో, తొమ్మిదింట బంతి లేకుండా. ఒక్కొక్క వంతు ఆరు సెకనులనుకుంటే కదిలిన కాలం 108 సెకనులు, నిచ్చెనలో దొరికినదానికి మూడు రెట్లు. ప్రతి వంతులోనూ ఎదుటివానిని చూచి ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. నడుమ అరనిముషం విశ్రాంతి ఉండితీరాలి. అది తగ్గిస్తే పిల్లలు అలసిపోయి పరుగు మందగిస్తుంది, అప్పుడు సాధకం జరిగేది దమ్ముకు, వేగానికి కాదు.

మన చెడుగుడు ఆట తెలిసినవారికి ఇందులో కొత్త ఏమీ కనబడదు. కూతకు వెళ్ళినవాడు ఎదుటివారి కదలికను చూచి కదులుతాడు గాని, గీసిన గడులను చూచి కాదు. హైదరాబాదులో బడిపంతులుగా ఉండి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతదేశపు ఫుట్‌బాలు జట్టును నాలుగవ స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకానికీ నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు కూడా ఇటువంటి మార్గమే తొక్కారు. బంతిని కాలి దగ్గర పెట్టుకుని డ్రిబ్లింగు చేయరాదనే పోటీలు, బలం తక్కువగా ఉన్న కాలితోనే ఆడాలనే పోటీలు ఆయన పెట్టించేవారు. నేర్పవలసిన సంగతిని ఆటనుంచి బయటికి తీయకుండా, ఆటకే ఒక నిబంధన తగిలించడం అందులోని కిటుకు.

ఇక మీ పిల్లవానికి నిచ్చెన వల్ల లాభమున్నదో లేదో తెలుసుకోవాలంటే నిచ్చెన మీద కాలం చూడకండి. అది ఎలాగూ తగ్గుతుంది. మొదటి రోజున రెండు కొలతలు రాసిపెట్టండి. పది మీటర్ల పరుగుకు ఎన్ని సెకనులు అన్నది ఒకటి, మూడుసార్లు తీసి మేలైనది వేసుకోవాలి. ద్వారాల ఆటలో పదింట ఎన్ని ఆపాడన్నది రెండవది. ఆరు వారాల తరువాత అదే నేలమీద, అవే బూట్లతో మళ్ళీ తీయండి. ఇందులో రెండు చిక్కులున్నాయి. చేతి గడియారంతో తీసే కాలంలో సెకనులో పదవ వంతు రెండు వంతుల తేడా మన వేలివల్లనే రావచ్చు, కాబట్టి అంతమాత్రానికి సంబరపడరాదు. పైగా పదమూడు పదునాలుగేళ్ళ వయసులో పిల్లలు ఎదుగుతుంటారు, ఏ సాధనా చేయకున్నా కొందరి వేగం పెరుగుతుంది. అందుచేత జట్టులో సగం మందికి నిచ్చెన ఉంచి, సగం మందికి ఆ సమయంలో ద్వారాల ఆట పెట్టి, ఇద్దరినీ పోల్చడం మంచిది. ద్వారాల ఆటను రోజూ ఆడినవారికి ఆ పరీక్షలో కొంత ఆధిక్యం ఉండకమానదు గనుక, చివర ఒక పోటీలో ఎన్నిసార్లు ఎదుటివాడు వీరిని దాటిపోయాడో గట్టు మీద కూర్చుని గీతలు పెట్టి చూస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది.

ఇంత చెప్పి నిచ్చెనను చుట్టి అటక మీద పారవేయమని మేము అనడం లేదు. ఎనిమిది తొమ్మిదేళ్ళ పసివారికి కుడి ఎడమల పొందిక, ఒంటికాలి మీద నిలకడ నేర్పడానికి అది పనికివస్తుంది, తొక్కుడుబిళ్ళ పనికివచ్చినట్టే. ఆటకు ముందు వొళ్ళు వెచ్చబరచుకోవడానికి సరిపోతుంది. చీలమండ బెణికి కోలుకుంటున్నవానికి, వైద్యుడు సరేనన్న తరువాత, పాదం మీద మళ్ళీ నమ్మకం కుదరడానికి నెమ్మదిగా చేయించవచ్చు. కొనకపోయినా ఫరవాలేదు, ముగ్గుపిండితో గడులు గీసినా అదే పని జరుగుతుంది. ఐదు నిముషాలకు మించనీయకండి. అది చూచి ఆటగాణ్ణి ఎంచకండి. నిచ్చెన మీద మావాడు ప్రథముడు అని ఎవరైనా చెబితే, ఎదుటివాడు బంతితో మీదికి వచ్చినప్పుడు వాడు ఎటు చూస్తాడో, పాదాలు ఎలా పెడతాడో ఒక్క ఆట సేపు గట్టు మీద కూర్చుని కనిపెట్టమని చెప్పండి.